కార్డు నంబర్ కొట్టకుండానే పేమెంట్: ‘Pay by Bank’ నొక్కాక లోపల ఏం జరుగుతుంది?

యూకేలో చదువుకుంటున్న మనవాళ్లు ఈ మధ్య నన్ను ఒకటే ప్రశ్న అడుగుతున్నారు. “అన్నా, ఆన్‌లైన్‌లో ఏదైనా కొంటుంటే కార్డు ఆప్షన్ పక్కన ‘Pay by Bank’ అని ఇంకోటి వస్తోంది. నొక్కితే నా బ్యాంక్ యాప్ దానంతట అదే ఓపెన్ అవుతోంది. కార్డు నంబర్ లేదు, సీవీవీ లేదు. డబ్బులు మాత్రం పోతున్నాయి. ఇది సేఫేనా?”

దీనికి జవాబు రెండు ముక్కలు. మీ బ్యాంక్ వివరాలు షాపు చేతికి వెళ్తాయా అంటే, వెళ్లవు. ఆ విషయంలో ఇది కార్డు కంటే నయం. కానీ కొన్న వస్తువు రాకపోతే డబ్బు వెనక్కి వస్తుందా అంటే, అక్కడ మాత్రం కార్డే నయం. రెండూ ఎందుకో చూద్దాం.

ఒక ఉదాహరణ తీసుకుందాం. మీరు మాంచెస్టర్‌లో ఉన్నారు, చలికాలం వస్తోంది, ఒక సైట్‌లో 64 పౌండ్ల జాకెట్ కొంటున్నారు. ‘Pay by Bank’ నొక్కారు. బ్యాంకుల లిస్ట్ వచ్చింది, అందులో మీ బ్యాంక్ సెలెక్ట్ చేశారు.

ఇక్కడ షాపుకీ మీ బ్యాంకుకీ మధ్యలో ఒక పేమెంట్ కంపెనీ ఉంటుంది. దీనికి అక్కడి ఆర్థిక నియంత్రణ సంస్థ ఎఫ్‌సీఏ దగ్గర అనుమతి ఉండాలి. ఇలాంటి కంపెనీలు కస్టమర్ ఒప్పుకుంటే బ్యాంక్ అకౌంట్ నుంచి పేమెంట్ మొదలుపెట్టొచ్చని యూకేలో 2018 జనవరి నుంచి చట్టం ఉంది. ఆ కంపెనీ ముందుగా మీ బ్యాంకుకి ఒక రిక్వెస్ట్ పంపిస్తుంది: “64 పౌండ్లు, ఈ అకౌంట్‌కి, ఈ రిఫరెన్స్‌తో.” బ్యాంక్ దాన్ని రాసి పెట్టుకుని ఒక ఐడీ ఇస్తుంది. అప్పుడు దాని స్టేటస్ AwaitingAuthorisation. అంటే మీ అనుమతి కోసం ఎదురుచూస్తోంది. ఇంకా ఒక్క పెన్నీ కూడా కదల్లేదు.

ఆ ఐడీతో కలిపి మీ ఫోన్‌లో ఒక లింక్ ఓపెన్ అవుతుంది. అది మీ బ్యాంక్ సొంత వెబ్ అడ్రస్‌కి వెళ్లే మామూలు https లింకే. మరి బ్రౌజర్‌లో ఓపెన్ అవ్వకుండా యాప్ ఎలా లేస్తోంది? బ్యాంక్ తన వెబ్‌సైట్‌లో ఒక చిన్న ఫైల్ పెట్టి ఉంచుతుంది. “ఈ అడ్రస్‌కి వచ్చే లింకుల్ని మా ఈ యాప్‌కి ఇవ్వండి” అని అందులో ఉంటుంది. మీ ఫోన్ ఆ ఫైల్‌ని ముందే చూసుకుని ఉంటుంది. అందుకే లింక్ తగలగానే నేరుగా యాప్‌కి అప్పజెప్తుంది. ఇంకెవరో ఒక యాప్ చేసి “ఆ లింకులు నాకివ్వు” అంటే కుదరదు, ఎందుకంటే బ్యాంక్ వెబ్‌సైట్‌లో ఆ ఫైల్ పెట్టడం వాళ్ల చేతిలో లేదు.

ఇప్పుడు మీరు ఉన్నది పూర్తిగా బ్యాంక్ ఇంట్లో. ముఖం చూపిస్తారు, లేదా వేలిముద్ర పెడతారు. స్క్రీన్ మీద ఎంత, ఎవరికి అని కనిపిస్తుంది. మీరు ఇచ్చే అప్రూవల్ ఆ అమౌంట్‌కీ ఆ అకౌంట్‌కీ ముడిపడి ఉంటుంది. 64కి ఓకే చెప్తే దాన్ని వాడుకుని 640 లాగడం కుదరదు. మీ ముఖం, వేలిముద్ర, పాస్‌వర్డ్ ఏవీ షాపు దాకా వెళ్లవు.

మన యూపీఐ అలవాటున్న వాళ్లకి ఇదంతా తెలిసిన సినిమాలాగే అనిపిస్తుంది. కానీ ఒక తేడా ఉంది. యూపీఐలో ఫోన్‌పే, గూగుల్ పే లాంటి ఏ యాప్ నుంచైనా యూపీఐ పిన్ కొట్టి డబ్బు పంపేస్తాం. ఇక్కడ ప్రత్యేకంగా పిన్ ఏమీ లేదు. మీ సొంత బ్యాంక్ యాప్‌లోకి మీరు రోజూ ఎలా లాగిన్ అవుతారో అలాగే అయ్యి అప్రూవ్ చేయాలి.

సరే, అప్రూవ్ నొక్కారు. డబ్బు వెళ్లిపోయిందా? చాలామంది పొరబడేది ఇక్కడే. మీరు అప్రూవ్ చేయగానే బ్యాంక్ మిమ్మల్ని వెనక్కి పంపిస్తూ, ఆ లింక్‌తో పాటు ఒక కోడ్ ఇస్తుంది. పేమెంట్ కంపెనీ ఆ కోడ్ తీసుకుని మళ్లీ బ్యాంక్ దగ్గరికి వెళ్లి “ఇదిగో కస్టమర్ ఒప్పుకున్నారు, ఇక పంపండి” అని అడగాలి. అప్పుడే డబ్బు ఫాస్టర్ పేమెంట్స్ అనే నెట్‌వర్క్ మీద కదులుతుంది. ఇది మన ఐఎంపీఎస్ లాంటిది, మామూలుగా సెకన్లలో అయిపోతుంది.

అంటే అప్రూవ్ చేసి, షాపు పేజీకి తిరిగొచ్చేలోపే యాప్ మూసేశారనుకోండి, లేదా ట్రైన్‌లో సిగ్నల్ పోయిందనుకోండి. ఆ కోడ్ కంపెనీకి చేరకపోవచ్చు. మీరేమో కట్టేశాను అనుకుంటారు, ఆర్డర్ మాత్రం ఉండదు. దీనికి తిరగేసి కూడా జరుగుతుంది: డబ్బు కట్ అయిపోతుంది, షాపు పేజీ మాత్రం ‘pending’ దగ్గరే తిరుగుతూ ఉంటుంది. కంగారులో మళ్లీ కడితే 64 కాస్తా 128 అవుతుంది.

కాబట్టి షాపు పేజీని నమ్మకండి, బ్యాంక్ యాప్‌లో ట్రాన్సాక్షన్స్ చూడండి. అక్కడ 64 కట్ అయి ఉంటే ఆ రిఫరెన్స్‌తో షాపుని అడగండి, మళ్లీ మాత్రం కట్టొద్దు. కట్ అవ్వకపోతే కాసేపు ఆగి, ఇంకోసారి చూసి, అప్పుడు మొదటి నుంచి చేయండి.

ఇక రెండో ముక్క. జాకెట్ రాలేదు, షాపు పలకట్లేదు. డెబిట్ కార్డు అయితే బ్యాంక్ ద్వారా చార్జ్‌బ్యాక్ అడగొచ్చు. క్రెడిట్ కార్డు మీద 100 పౌండ్లు దాటి 30,000 లోపు ఉన్న వస్తువైతే, 1974 నాటి వినియోగదారుల రుణ చట్టంలోని సెక్షన్ 75 కింద కార్డు కంపెనీకి కూడా బాధ్యత ఉంటుంది. ‘Pay by Bank’కి ఈ రెండూ వర్తించవు. ఇది బ్యాంక్ ట్రాన్స్‌ఫరే కదా, మీరే ఒప్పుకుని పంపారు. మిమ్మల్ని మోసం చేసి డబ్బు పంపించుకుంటే వేరే సంగతి. అలాంటి మోసాలకి 2024 అక్టోబర్ 7 నుంచి బ్యాంకులు 85,000 పౌండ్ల దాకా తిరిగి చెల్లించాలనే రూల్ ఉంది. కానీ నిజమైన షాపుతో “సరుకు బాలేదు, లేటైంది” అనే గొడవ దాని కిందికి రాదు.

అందుకే నా లెక్క ఇది. కరెంటు బిల్లు, టాక్స్, తెలిసిన షాపులో చిన్న కొనుగోలు అయితే ‘Pay by Bank’ హాయిగా వాడండి. ఎప్పుడూ పేరు వినని సైట్‌లో 700 పౌండ్ల ల్యాప్‌టాప్ అయితే కార్డే వాడండి.

చివరిగా, నకిలీని పట్టుకోవడం. ఫోన్‌లో బ్యాంక్ యాప్ ఉండి కూడా, యాప్ లేవకుండా బ్రౌజర్‌లో ఒక పేజీ వచ్చి పాస్‌వర్డ్, కార్డు నంబర్, ఓటీపీ అడుగుతోందంటే అక్కడే ఆగిపోండి. యాప్ లేని వాళ్లకి నిజంగానే బ్యాంక్ వెబ్‌సైట్ ఓపెన్ అవుతుంది, అప్పుడు పైన అడ్రస్ అక్షరం అక్షరం చూసుకోండి. ఇంకొకటి: అసలు యాపే ఓపెన్ అయినా సరే, డబ్బు తీసుకునేవాళ్ల పేరు చదవండి. ఒక్కోసారి షాపు పేరు బదులు మధ్యలో ఉన్న పేమెంట్ కంపెనీ పేరు ఉంటుంది, అది చెకౌట్ పేజీలో కనిపించిన పేరేనా అని సరిచూసుకోండి. మీరు ఎక్కడా వినని మనిషి పేరు ఉంటే మాత్రం క్యాన్సిల్ నొక్కండి. మీరు అప్రూవ్ చేసేదాకా డబ్బు మీ అకౌంట్‌లోనే ఉంటుంది.