తాళం గుర్తు చెప్పనిది

వెబ్‌సైటు భద్రత మాట ఎత్తగానే మన వ్యాపారులు ముందుగా అనేది, "మా సైటుకి తాళం గుర్తు ఉందండీ" అని. ఉండాల్సిందే. హెచ్‌టీటీపీఎస్ లేకపోతే కొనేవాళ్ళు టైపు చేసిన ఫోన్ నంబరు, పాస్‌వర్డు దారిలో ఎవరైనా చదవగలరు. సర్టిఫికెట్టు లెట్స్ ఎన్‌క్రిప్ట్ సంస్థ ఉచితంగానే ఇస్తుంది. సాధారణంగా 90 రోజులకు గడువు తీరుతుంది కాబట్టి దానంతట అదే రెన్యూ అవుతోందో లేదో మీ హోస్టింగ్ వాళ్ళని అడగండి. అయితే అది కాపాడేది దారిని మాత్రమే. సైటులో దొంగ కూర్చున్నా తాళం గుర్తు అలాగే కనిపిస్తుంది. జనం దాన్ని చూసి సైటే నమ్మదగినదని పొరబడుతున్నారని 2023లో గూగుల్ క్రోమ్ ఆ బొమ్మను మార్చేసింది.

మరి దొంగ ఎలా వస్తాడు? చిన్న వ్యాపారాల సైట్లు చాలా వరకు వర్డ్‌ప్రెస్ మీద నడుస్తాయి. 2020 సెప్టెంబరులో జరిగింది చెబుతాను. ఫైల్ మేనేజర్ అనే ప్లగిన్ అప్పటికి 7 లక్షలకు పైగా సైట్లలో ఉంది. దానిలో, నమూనాగా మాత్రమే ఉండాల్సిన ఒక ఫైలు పేరు చివరి భాగం `.php`గా మారి, నిజంగా పనిచేయడం మొదలుపెట్టింది. దాంతో లాగిన్ అక్కర్లేకుండానే ఎవరైనా మీ సర్వర్‌లోకి తమ ప్రోగ్రాము ఎక్కించగలిగారు. మీ పాస్‌వర్డు ఎంత గట్టిదైనా ఇక్కడ అక్కరకు రాలేదు. సెప్టెంబరు 1న సరిచేసిన 6.9 వెర్షన్ వచ్చింది. ఆ తరవాతి రోజుల్లో దాడులు ఇంకా పెరిగాయి, ఎందుకంటే అప్‌డేట్ చేయని సైట్లు ఇంకా లక్షల్లో ఉన్నాయి. కొందరు దాడి చేసినవాళ్ళు తాము దూరాక ఆ ఫైలుకి సొంత పాస్‌వర్డు పెట్టి, వేరే ముఠాలు రాకుండా చూసుకున్నారు కూడా.

ఆ ప్లగిన్‌ను డీయాక్టివేట్ చేసి వదిలేసినవాళ్ళకీ ముప్పు తప్పలేదు. ఫైలు సర్వర్‌లోనే ఉంది కదా. అందుకే వాడని ప్లగిన్‌ను ఆపి ఊరుకోకండి, డిలీట్ చేయండి. ఉన్నవాటికి ఆటోమేటిక్ అప్‌డేట్ ఆన్ చేయండి. అప్‌డేట్ వల్ల సైటు చెదిరితే సరిచేసుకోవచ్చు. దాడి జరిగితే అంత తేలిక కాదు.

గుంటూరులో పచ్చళ్ళు అమ్మే ఒక దుకాణం అనుకుందాం. నెల మొదట్లో దొంగ ప్రోగ్రాము చేరింది. యజమాని సైటు తెరిస్తే అంతా మామూలుగానే ఉంటుంది. గూగుల్‌కు మాత్రం వేరే పేజీలు చూపిస్తుంది. కాబట్టి గూగుల్‌లో `site:` అని కొట్టి, ఖాళీ లేకుండా పక్కనే మీ డొమైన్ పేరు టైపు చేసి వెతకండి. మీరెన్నడూ రాయని మందుల ప్రకటనలో, జపనీస్ అక్షరాలో కనిపిస్తే వ్యవహారం చెడిందనే. సైటు చూసే కుర్రాడితో వర్డ్‌ప్రెస్ ఉన్న ఫోల్డర్‌లోంచి ఈ కమాండు కూడా కొట్టించండి:

```
find wp-content/uploads -name "*.php"
```

అది ఫొటోలు ఉండే ఫోల్డర్. కొన్ని ప్లగిన్లు ఖాళీ `index.php` పెడతాయి. అది తప్ప ఇంకేది కనిపించినా తెరిచి చూడాల్సిందే.

ఆ పచ్చళ్ళ దుకాణం సంగతి ఇరవయ్యో రోజున బయటపడింది. హోస్టింగ్ దగ్గర ఉన్నవి చివరి ఏడు రోజుల బ్యాకప్‌లు. ఏడింటిలోనూ దొంగ ఫైలు ఉంది! రోజూ బ్యాకప్ తీసినా ఫలితం లేకపోవడం ఇలాగే జరుగుతుంది. నెలకొకటి చొప్పున కనీసం మూడు పాత ప్రతులు, ఆ సర్వర్‌లో కాకుండా వేరే చోట ఉంచండి. డేటాబేసు, `wp-content` ఫోల్డర్ రెండూ అందులో ఉండాలి. ఒకసారి వేరే చోట ఎక్కించి సైటు లేస్తోందో లేదో చూడండి. పాత ప్రతి ఎక్కించినంత మాత్రాన పని అయిపోదు. దొంగ వచ్చిన ప్లగిన్ అందులోనూ పాతదే కాబట్టి వెంటనే అప్‌డేట్ చేసి, హోస్టింగుతో సహా అన్ని పాస్‌వర్డులూ మార్చి, యూజర్ల జాబితాలో మీకు తెలియని అడ్మిన్ ఎవరైనా ఉన్నారేమో చూడాలి.

లాగిన్ల సంగతికొస్తే, ఒకే అడ్మిన్ ఖాతాను నలుగురు వాడుకోవద్దు. ఎవరిది వారికి ఇచ్చి, ఫోన్‌లో కోడ్ అడిగే రెండో తనిఖీ పెట్టండి. సైటు కట్టిన డిజైనరు పని మానేసి ఏళ్ళయినా అతని ఖాతా చాలాచోట్ల అలాగే ఉంటుంది.

స్పామ్ చాలామందికి చిరాకు మాత్రమే. ఒక్కచోట అది ప్రమాదం. మీ ఎంక్వైరీ ఫారం నింపినవారి ఈమెయిల్‌కి వారు రాసిందే తిరిగి పంపుతుంటే, స్పామర్లు ఇతరుల చిరునామాలు వేసి మీ పేరుమీదే చెత్త పంపుతారు. కొన్నాళ్ళకు మీ బిల్లులు కూడా కస్టమర్ల స్పామ్ ఫోల్డర్‌లో పడతాయి. ఆ ప్రతి పంపడం ఆపేయండి. మనుషులకు కనబడని ఒక ఖాళీ గడి ఫారంలో పెట్టించండి. దాన్ని నింపింది బాట్ అని తెలిసిపోతుంది.

ఈ రాత్రికే మీ ప్లగిన్ల జాబితా తెరిచి, వాడనివాటిని డిలీట్ చేయండి. పావుగంట పని.