కరపత్రం రాయకముందు, కొనే రైతు ఎవరో రాసుకోండి

(రైతులే నడుపుకుంటున్న ఎరువుల డిపోల సిబ్బందికి జరిగిన శిక్షణా తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



సీజను వస్తోందంటే డిపోలో కరపత్రం వేయాలనే మాట వస్తుంది. మామూలుగా జరిగేది ఏమిటంటే, కంపెనీ ఇచ్చిన కాగితం మీద మన డిపో పేరు అచ్చు వేయించి పంచుతాం. అది చదివి ఏం చేయాలో రైతుకు తెలియదు, ఎందుకంటే అది ఏ రైతుకోసమూ రాసింది కాదు. కాబట్టి ముందు ఒక పేజీలో మన దగ్గర కొనే రైతు చిత్రాన్ని రాసుకోవాలి. మార్కెటింగ్ వాళ్లు దీన్ని కస్టమర్ పర్సోనా అంటారు.

అనంతపురం వైపు వర్షాధారంగా వేరుశనగ పండే ఒక ఊరి డిపోను మాదిరిగా తీసుకుందాం. మొదటి పని, పోయిన ఖరీఫ్ బిల్లులు, అప్పు ఖాతా ముందు వేసుకోవడం. ఎవరు ఏ తేదీన, ఏ ఎరువు, ఎన్ని బస్తాలు, నగదుకా అప్పుకా తీసుకున్నారో చూడండి. ఒక జాగ్రత్త ఉంది. ఈ-పాస్ యంత్రం వేలిముద్ర ఎవరు వేశారో చెబుతుంది గానీ, బస్తా ఎవరి చేలో పడిందో చెప్పదు. అందుకే రెండో పని, ఎనిమిది పది మంది రైతులతో వాళ్ల చేను దగ్గరే మాట్లాడటం. డిపో అరుగు మీద రోజూ కూర్చునేవారిని మాత్రమే అడిగితే పెద్ద రైతు చిత్రమే వస్తుంది. అప్పు తీరక మన గడప తొక్కనివారిని కూడా అడగాలి.

అలా అడిగితే ఇలాంటి చిత్రం వచ్చిందనుకుందాం. నాలుగెకరాల సేద్యం, అందులో రెండున్నర ఎకరాలు కౌలు. కౌలు భూమికి పాసుపుస్తకం తన పేరున లేదు కనుక బ్యాంకు అప్పు అందలేదు. వ్యాపారి దగ్గర అప్పు తెచ్చాడు, కాయలు కూడా అతనికే తూకం వేయాలి. వాన పడి పదునైన రోజునే ఎరువుకు వస్తాడు. ఎకరాకు ఒక డీఏపీ బస్తా అడుగుతాడు. సూపర్ అంటే, "బస్తాలు ఎక్కువ మోయాలి, బలం తక్కువ" అంటాడు. కాగితం ఇస్తే ఇంట్లో చదివేది కూతురు.

ఇప్పుడు ఈ చిత్రం కరపత్రాన్ని ఎలా మారుస్తుందో చూడండి. అతని సందేహం బలం గురించి. కాబట్టి లెక్క చెప్పాలి. 50 కిలోల డీఏపీ బస్తాలో 9 కిలోల నత్రజని, 23 కిలోల భాస్వరం ఉంటాయి. వర్షాధార వేరుశనగకు ఎకరాకు సిఫారసు 8 కిలోల నత్రజని, 16 కిలోల భాస్వరం, 20 కిలోల పొటాష్. రెండు బస్తాల సింగిల్ సూపర్ ఫాస్ఫేట్‌తో ఆ 16 కిలోల భాస్వరం వస్తుంది. దానితోపాటు డీఏపీలో లేని 11 కిలోల గంధకం, కొంత కాల్షియం వస్తాయి. నూనె శాతానికి గంధకం, కాయ ఊరడానికి కాల్షియం కావాలి. మిగతా వాటికి 18 కిలోల యూరియా, 33 కిలోల మ్యూరేట్ ఆఫ్ పొటాష్ చాలు. సూపర్ వేసినా పూత దశలో జిప్సం మానకూడదన్న మాట కూడా అందులో ఉండాలి. భూసార పరీక్ష చేయించినవారు దాని ప్రకారమే వేసుకోవాలి.

అతను పదునైన రోజున వస్తాడు కనుక, అప్పుడు కరపత్రం ఇచ్చి లాభం లేదు. సూపర్ ఆఖరి దుక్కిలో పడాలి. కాబట్టి మే నెలలోనే ఇంటికి చేరాలి. కూతురు చదువుతుంది కనుక కంపెనీ మాటలు కాకుండా ఎకరాకు ఎన్ని బస్తాలు, ఎంత ఖర్చు అన్నది పెద్ద అక్షరాల్లో ఉండాలి. రెండు పద్ధతుల ఖర్చునూ ఆ రోజు బోర్డు మీదున్న ధరతో పక్కపక్కనే వేయండి. అతను అప్పులో ఉన్నాడు కనుక, బిల్లు తప్పక ఇస్తామనీ, యూరియాతో వేరే సరుకు అంటగట్టమనీ రాయండి. రాసిన తర్వాత ఆ మాట మీద నిలబడాలి.

చిత్రం సరిగా వచ్చిందో లేదో తెలుసుకోవడానికి రెండు పరీక్షలున్నాయి. ఇద్దరు రైతులకు చదివి వినిపించండి. "అందరూ ఇంతే కదా" అన్నారంటే అది మరీ పైపైన ఉన్నట్టు. "ఇది మా పక్క చేను ఆయనే" అని పేరు చెప్పేశారంటే ఒక్క మనిషి వివరాలే రాసేసినట్టు. అది తప్పు, ఒకరి అప్పు సంగతి నలుగురిలో పెట్టకూడదు. ఇక రెండోది, చిత్రంలోని ప్రతి వాక్యం వల్ల కరపత్రంలో ఏం మారిందో చూడండి. ఏమీ మారకపోతే ఆ వాక్యం కొట్టేయండి.

ఇదే కాగితం బోరు కింద టమాటా వేసే రైతుకు పనికిరాదు. అతను వారం వారం కొంటాడు, డ్రిప్పులో కరిగే ఎరువులు అడుగుతాడు. అతనికి వేరే చిత్రం, వేరే కరపత్రం కావాలి. అయితే ఒక సీజనులో రెండుకు మించి పెట్టుకోవద్దు. ఈ వారం మీ డిపోలకు వెళ్లి పోయిన ఖరీఫ్ బిల్లుల కట్ట విప్పండి. కరపత్రం మాట ఆ తర్వాత మాట్లాడుకుందాం.