డిస్క్ చేతిలో ఉంటే గేమ్ మనదేనా?

మొన్న మా రెంజల్‌లో చిన్నాన్న కొడుకు పీఎస్5 తెచ్చుకున్నడు, డిస్క్ డ్రైవ్ ఉన్నదే. "అన్నా, గేమ్ డిస్క్ కొనాల్నా, స్టోర్‌ల డౌన్‌లోడ్ చేసుకోవాల్నా?" అని అడిగిండు.

ముందు ఒక అపోహ తీసేద్దాం. డిస్క్ కొంటే స్టోరేజ్ మిగులుతదని చాలామంది అనుకుంటరు. మిగలదు. పీఎస్5 గేమ్ మొత్తాన్ని లోపలి ఎస్‌ఎస్‌డీలోకి కాపీ చేసుకుంటది. ఆ తర్వాత డిస్క్ తాళంచెవి లెక్క, ఆడినప్పుడల్లా లోపల ఉండాల్సిందే.

మిగిలేది డేటా. 90 జీబీ గేమ్ అనుకోండి. రోజుకు 1.5 జీబీ ఇచ్చే మొబైల్ ప్యాక్ మీద దించితే 60 రోజులు! డిస్క్ అయితే అప్‌డేట్లు దించుకుంటే చాలు. కానీ అన్ని డిస్కులూ అట్ల ఉండవు. 2022లో వచ్చిన కాల్ ఆఫ్ డ్యూటీ మోడర్న్ వార్‌ఫేర్ 2 పీఎస్5 డిస్క్‌లో ఉన్నది దాదాపు 70 ఎంబీ మాత్రమే. మిగతా అంతా డౌన్‌లోడే.

ఇక పైసల లెక్క. ఉదాహరణకు డిస్క్ 4000కు కొని, ఆడినంక బోధన్‌లనో నిజామాబాద్‌లనో ఎవరికన్నా 2200కు అమ్మితే, మీకు పడ్డది 1800. డిజిటల్‌ది అమ్మలేరు, అది మీ అకౌంట్‌కు కట్టేసి ఉంటది. అయితే అదే గేమ్ సేల్‌లో 1500కు దొరికితే డిజిటలే చవక. అమ్మే ఆలోచన లేనోళ్లకు డిస్క్‌తో ఈ లాభం లేదు.

ఇప్పుడు అసలు సంగతి. యూబీసాఫ్ట్ వాళ్ల ద క్రూ అనే కార్ రేసింగ్ గేమ్ 2014లో వచ్చింది. ఒక్కరే ఆడినా సర్వర్‌కు కనెక్ట్ కావాల్సిందే. 2024 మార్చి 31న సర్వర్లు బంద్ చేసిన్రు. డౌన్‌లోడ్ చేసుకున్నోళ్లకూ పోయింది, డిస్క్ దాచుకున్నోళ్లకూ పోయింది. డిస్క్ మీద గీత కూడా లేదు, కానీ గేమ్ నడవదు.

అందుకే తమ్మునికి చెప్పిన: కొనేముందు డబ్బా మీద చిన్న అక్షరాలు చదువు. ఇంటర్నెట్ తప్పనిసరి అని ఉంటే అది ఎప్పటికీ ఉంటదని నమ్మకు. పాత డిస్క్ కొంటుంటే, అమ్మేటోళ్ల ఇంట్లనే చూసుకో. ఆ గేమ్ వాళ్ల కన్సోల్‌లో ముందే ఉంటే డిలీట్ చేయమను. తర్వాత Settings > Network > Settings లోకి పోయి Connect to the Internet ఆఫ్ చేసి, డిస్క్ పెట్టి ఇన్‌స్టాల్ చేసి, మొదటి లెవెల్ ఆడిచూడు. నడిస్తే కనీసం ఆ లెవెల్ దాకా గేమ్ డిస్క్‌లో ఉన్నట్టే. మెనూ దగ్గరనే ఆగి డౌన్‌లోడ్ అడిగితే మాత్రం ఆ ధర పెట్టకు.

వాడు పోయిన ఆదివారం ఇట్లనే ఒకటి చూసి, ఇన్‌స్టాల్ అయ్యేదాకా చాయ్ తాగుకుంట కూర్చొని, ఆఖరికి కొనకుండనే వాపసు వచ్చిండు.