పాత బిల్డింగు కూలితే బీమా డబ్బులు ఎందుకు తగ్గుతాయి?
(శుక్రవారం క్యాంపు మీటింగులో చెప్పిన మాటలు)

మనలో చానామందికి ఊర్ల రోడ్డు పక్కన రెండు మూడు మడిగెలు ఉన్నయి. నాయన కట్టించినవో, మనం ఇక్కడి నుంచి పైసలు పంపి కొన్నవో. వానకు గోడ కూలితే "ఇన్సూరెన్స్ ఉంది కదా" అనుకుంటం. తీరా చెక్కు చూస్తే ఖర్చులో పావు వంతు కూడా ఉండదు. కంపెనీ మోసం చేసిందని కోపం వస్తది. కొన్నిసార్లు మోసం ఉండొచ్చు, కానీ ఎక్కువసార్లు అది లెక్క. ఆ లెక్క మనకు తెలిస్తేనే తప్పు ఎక్కడుందో పట్టుకోగలం.

షట్టరింగ్ ప్లై సంగతి మీకు తెలుసు. కొత్తది తెచ్చి పది స్లాబులకు వాడినం. పదకొండోసారి అది కాలిపోతే స్టోర్ కీపర్ కొత్త ప్లై రేటు రాస్తడా? రాయడు. పది స్లాబుల పని అది చేసేసింది, మిగిలిన విలువే పోయింది. గోడ కూడా అంతే. 30 ఏండ్లు నిలబడ్డ గోడ పోయి కొత్త గోడ వస్తే, మనకు ఇంకో 60 ఏండ్ల గోడ దొరికినట్టు. జరిగిన నష్టమే బీమా ఇస్తది, లాభం ఇయ్యదు. అందుకే వాడిన ఏండ్లకు తరుగు తీస్తరు. దీన్నే డిప్రిసియేషన్ అంటరు. ఒక మాట, భూమికి తరుగు లేదు, ఎందుకంటే భూమిని లెక్కలోనే పెట్టరు. సెంటర్‌లో జాగ కాబట్టి కోటి పలుకుతదని చెప్పినా సర్వేయర్ వినడు. ఆయన చూసేది కట్టడమే.

ఒక లెక్క వేద్దాం. 1994లో కట్టిన మడిగెలు, ఇటుక గోడలు, సిమెంటు, పైన స్లాబు, 800 చదరపు అడుగులు. 2024లో వరద నీళ్లు నిలిచి వెనక గోడ కుంగింది, స్లాబు ఒక పక్క పగిలింది. ఇయ్యాల అట్లాంటిదే కొత్తగా కట్టాలంటే అడుగుకు 2,000 అనుకోండి, మొత్తం 16 లక్షలు. ఇట్లాంటి కట్టడానికి ఆయుష్షు 60 ఏండ్లు అని పెట్టుకున్నం. చివరికి పాత ఇటుక, రాడ్ల కింద 10 శాతం మిగులుతదని వదిలి, మిగతా 90 శాతాన్ని 60 ఏండ్లకు పంచుతరు. ఏడాదికి ఒకటిన్నర శాతం. 30 ఏండ్లకు 45 శాతం. అంటే బిల్డింగు ఇప్పటి విలువ 8 లక్షల 80 వేలు.

రిపేరుకు 4 లక్షలు అయితదని ఎస్టిమేట్ వచ్చింది. అందులో 45 శాతం, లక్షా 80 వేలు తీస్తే 2 లక్షల 20 వేలు. పాత రాడ్లు అమ్మితే వచ్చే 10 వేలు కూడా తీస్తే 2 లక్షల 10 వేలు.

ఇక్కడితో అయిపోలేదు. పాలసీ 4 లక్షల 40 వేలకే చేయించిండ్రు. విలువ అంతకు రెట్టింపు. సగానికే బీమా కట్టినవు కాబట్టి నష్టంలో కూడా సగమే అంటరు. చేతికి వచ్చేది లక్షా 5 వేలు. దాంట్ల కూడా పాలసీలో రాసిన చిన్న కోత ఒకటి పోతది. చూడండి, తరుగు కంటే పెద్ద దెబ్బ ఇదే. ప్రీమియంలో కొన్ని వందలు మిగుల్చుకుందామని తక్కువ రాయిస్తరు.

మరి కొట్లాడే జాగ ఎక్కడుంది? సర్వేయర్ రిపోర్టు కాపీ అడిగి తీసుకోండి. అందులో ముందు రెండు అంకెలు చూడాలె: బిల్డింగు వయసు, ఆయుష్షు. పై లెక్కలోనే ఆయుష్షు 60కి బదులు 50 రాస్తే తరుగు 54 శాతం అయితది, 4 లక్షల మీద 36 వేలు పోతయి. మట్టితో పేర్చిన గోడకు 50 అంటే ఒప్పుకోవచ్చు, సిమెంటుతో కట్టిన గోడకు అడగాల్సిందే. గోడ చూసి వయసు అంచనా వేస్తే ఇంటి పన్ను రసీదు చూపించండి. షట్టర్లు, వైరింగు 2019లో మార్చి ఉంటే వాటికి 30 ఏండ్ల తరుగు తీయొద్దు, వాటి వయసు అయిదేండ్లే. కానీ బిల్లు కావాలె. బిల్లు లేకుంటే నోటి మాట నడవదు.

ఇదంతా పాలసీలో 'మార్కెట్ వాల్యూ' అని రాసి ఉంటేనే. 'రీఇన్‌స్టేట్‌మెంట్ వాల్యూ' అని ఉంటే తరుగు తీయరు. కానీ బీమా మొత్తం కూడా ఇప్పటి కట్టుబడి ఖర్చుకే, మన లెక్కలో 16 లక్షలకు, ఉండాలె. ప్రీమియం ఎక్కువైతది. నిజంగా తిరిగి కట్టాలె కూడా, మామూలుగా 12 నెలల లోపల. కట్టకుండా డబ్బులే కావాలంటే మళ్లీ తరుగు తీసిన విలువే ఇస్తరు. మనం ఇక్కడ, కూలిన గోడ అక్కడ. లీవు దొరికినప్పుడు చూద్దాం అనుకుంటే ఆ గడువు దాటిపోతది.

మనం ఉండే ఇల్లయితే సంగతి వేరే. 2021 ఏప్రిల్ 1 నుంచి ఇండియాలో ఇండ్లకు 'భారత్ గృహ రక్ష' అనే పాలసీ ఉంది. అందులో ఇంటి విలువను కార్పెట్ ఏరియా, అప్పటి కట్టుబడి రేటు మీద కడతరు. మడిగెలకు అది పనికిరాదు. ఇంటి ముందు గది దుకాణానికి ఇచ్చి ఉంటే, పాలసీ తీసుకునేటప్పుడే ఆ మాట చెప్పి రాయించండి.

ఇంటికి ఫోన్ చేసినప్పుడు పాలసీ కాగితం ఫోటో తీసి పంపమనండి. 'మార్కెట్' అని ఉందా, 'రీఇన్‌స్టేట్‌మెంట్' అని ఉందా, ఎన్ని లక్షలకు ఉందో చూడండి. అర్థం కాకుంటే వచ్చే శుక్రవారం తీసుకురండి, కూసొని చూద్దాం.