ఫోను పోయినా మాట మిగిలే చోట్లు



మనలి ప్రాంత వాసులకు 2023 డిసెంబరు మరువరానిది. మిచౌంగ్ తుపాను తెచ్చిన వరదనీటిలో చమురు కూడా కలిసి ఇళ్లను ముంచెత్తింది. అటువంటి వేళ బియ్యం, బట్టలు, పత్రాలతో పాటు ఫోను కూడా తడుస్తుంది. ఫోను మరొకటి కొనవచ్చు. అందులోని మాటలు కొనలేము.

ఒక ఉదాహరణను చూద్దాం. శ్రీకాకుళం నుండి వచ్చి ఇక్కడ గుత్తేదారు వద్ద పనిచేసే ఒక కార్మికుడు ఉన్నాడనుకోండి. నెలకు ఎన్ని రోజులు పనిచేశాడో, ఎంత కూలి బాకీ ఉందో మేస్త్రీ వాట్సాప్‌లోనే రాసి పంపుతాడు. వేరే రసీదు లేదు, బ్యాకప్ పెట్టుకోలేదు. ఫోను వరదలో మునిగింది. ఇక ఆ లెక్క ఎక్కడ వెదకాలి?

వాట్సాప్ సంస్థ వద్ద మాత్రం దొరకదు. సందేశం చేరవలసిన ఫోనుకు చేరగానే సంస్థ తన సర్వరు నుండి దానిని తొలగిస్తుంది. కనుక అది నిలిచి ఉండేది పంపినవారి, అందుకున్నవారి పరికరాలలోనే. అన్వేషణ అక్కడే సాగాలి.

మొదటి చోటు తడిసిన ఫోనే. దానిని వెంటనే ఆపివేయాలి. ఛార్జరు తగిలించి చూడరాదు. తడి ఉండగా విద్యుత్తు పారితే లోపలి బోర్డు కాలిపోతుంది. నేటి ఫోన్లలో సమాచారం రహస్య సంకేతాలుగా మారి నిల్వ ఉంటుంది. దానిని విప్పే తాళం అదే బోర్డుతో ముడిపడి ఉంటుంది. అందువల్ల నిల్వ చిప్పును ఊడదీసి వేరొక ఫోనులో పెట్టినా చదవలేము. బోర్డును శుభ్రపరచి, ఒక్కసారైనా ఫోను వెలిగేలా చేయడమే మార్గం. మరమ్మతు దుకాణంలో ఇవ్వవలసిన సూచన ఒక్కటే: "ఫార్మాట్ చేయవద్దు, లోపలి సమాచారం కావాలి."

ఫోను వెలిగితే సగం పని అయినట్లే. తెర కనిపించినా స్పర్శ పనిచేయకపోతే, ఓటీజీ తీగతో కంప్యూటరు మౌస్‌ను తగిలించి తాళం తీయవచ్చు. ఆండ్రాయిడ్ ఫోనులో వాట్సాప్ సాధారణంగా ప్రతిరాత్రి రెండు గంటల వేళ తనంతట తానే ఒక నకలును ఫోనులోనే దాస్తుంది. గూగుల్ ఖాతాలో బ్యాకప్ పెట్టనివారికి కూడా ఇది ఉంటుంది. దాని చోటు ఇది:

```
Android/media/com.whatsapp/WhatsApp/Databases
```

అందులో `msgstore` అనే పేరుతో మొదలయ్యే ఫైళ్లే ఆ నకళ్లు. పై దారిలోని `com.whatsapp` ఫోల్డరును మొత్తంగా కొత్త ఫోనులో అదే చోటికి ముందు చేర్చాలి. ఆ తరువాతనే వాట్సాప్ పెట్టి, పాత నంబరుతోనే ప్రవేశించాలి. నకలు కనిపిస్తే `Restore` అని అడుగుతుంది. అక్కడ తొందరపడి దాటవేస్తే ఖాళీ ఖాతా తెరుచుకుంటుంది.

ఫోను దొంగల పాలైతే మార్గం వేరు. ముందుగా సిమ్‌ను నిలిపివేయించి, పోలీసులకు ఫిర్యాదు చేసి, కేంద్ర ప్రభుత్వపు `ceir.gov.in` లో ఆ ఫోను ఐఎంఈఐ సంఖ్యను నిరోధింపజేయాలి. ఇవి ఫోను దుర్వినియోగాన్ని అడ్డుకుంటాయే గాని మాటలను తిరిగి తేలేవు.

ఇక్కడ క్రమం ముఖ్యం. ఇంట్లోనో కార్యాలయంలోనో ఏదైనా కంప్యూటరుకు ఆ వాట్సాప్ జతచేసి ఉందేమో చూడాలి. ఉంటే ఇటీవలి సంభాషణలు అందులో ఉంటాయి. అయితే కొత్త ఫోనులో అదే నంబరుతో ప్రవేశించగానే ఆ జత తెగిపోతుంది. ప్రవేశించకపోయినా, ప్రధాన ఫోను వాడకం లేని 14 రోజుల తరువాత తెగుతుంది. కనుక అదే రోజున కంప్యూటరులోని అవసరమైన భాగాలను తేదీలు కనిపించేలా తెర చిత్రాలుగా తీసి, ఆ తరువాత ఆలస్యం చేయకుండా కొత్త ఫోనులో ప్రవేశించాలి. అప్పుడు దొంగ చేతిలోని ఖాతా కూడా మూతపడుతుంది.

కంప్యూటరు లేనివారికి మిగిలేది అవతలి వ్యక్తి. మన ఉదాహరణలో మేస్త్రీ ఫోనులో ఆ లెక్క అలాగే ఉంటుంది. ఆ సంభాషణను తెరిచి, మూడు చుక్కలను నొక్కి, `More` లోని `Export chat` ద్వారా అతడు పంపవచ్చు. బాకీ విషయంలో వివాదం ఉంటే అతడు పంపడానికి వెనుకాడవచ్చు. అప్పుడు అదే గుంపులో ఉన్న తోటి కార్మికులను అడగాలి; గుంపుకు వచ్చిన సందేశం ప్రతి సభ్యుని ఫోనులోనూ ఉంటుంది. న్యాయస్థానం వరకు వెళితే ఇటువంటి ప్రతికి భారతీయ సాక్ష్య అధినియమం, 2023లోని 63వ సెక్షను ప్రకారం ధ్రువపత్రం కావాలి. కాబట్టి సందేశం ఉన్న అసలు ఫోనును భద్రపరచమని వారిని కోరాలి.

పోయిన ఫోను లేకుండానే, నంబరు మాత్రం చెబితే చాట్లన్నీ తెచ్చిస్తామని డబ్బు అడిగేవారు ఎదురుకావచ్చు. పైన చెప్పిన కారణం వల్ల అది అసాధ్యం. అటువంటివారు ఆరంకెల ఓటీపీ అడిగితే వారి ఉద్దేశం ఖాతాను కాజేయడమే.

పాత ఫోను, జతచేసిన కంప్యూటరు, అవతలి వ్యక్తి: ఈ మూడు చోట్లా లేని మాట ఇక తిరిగి రాదు. ఆ కార్మికుడు తన హాజరును, బాకీని తేదీలతో కాగితంపై జ్ఞాపకం ఉన్నంతలో వెంటనే రాసి, తోటివారి సంతకాలు తీసుకోవాలి. కార్మిక శాఖ కార్యాలయానికి వెళ్లేటప్పుడు చేతిలో అదైనా ఉంటుంది.