ఒకే బొమ్మలో పదిహేను, డెబ్బై అయిదు
(నాంపల్లిలో చేసిన స్మారకోపన్యాసం)



మాస్టారి పేరు మీద ఉపన్యాసం అనగానే గణితశాస్త్ర చరిత్ర మొత్తం చుట్టి రావాలని కొందరు మిత్రులు సూచించారు. నేను ఒక చిన్న లెక్కే ఎంచుకున్నాను: sin 15°, sin 75° కచ్చితమైన విలువలు. మనం కూర్చున్న ఈ నాంపల్లిలోనే, విద్యాభవన్‌లో, ఇంటర్మీడియట్ బోర్డు ఉంది. ఆ బోర్డు పెట్టే గణితం 1ఎ పరీక్షకు ఎంపీసీ పిల్లలు ఏటా ఈ రెండు విలువలూ నేర్చుకునే వెళ్తారు. ఎక్కువమంది బట్టీ పట్టి వెళ్తారు. నాకు బాధ కలిగించేది అదే, ఎందుకంటే బట్టీ పట్టవలసిన అవసరం ఇందులో ఏ మూలా లేదు.

ముందు 'కచ్చితమైన' అంటే ఏమిటో తేల్చుకుందాం. ఆదివారం పూట అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పరిచే పాత పుస్తకాల్లో లాగరిథమ్ పట్టికలు ఇప్పటికీ దొరుకుతాయి. వాటిలో సహజ సైన్‌ల పేజీ తీసి 15 డిగ్రీల వరుస మీద వేలు పెట్టండి. మొదటి గడిలో 0.2588 ఉంటుంది. పక్క గడి 15 డిగ్రీల 6 నిమిషాలది, అక్కడ 0.2605. దాని పక్కన 0.2622. సర్వేయరుకు, ఇంజనీరుకు ఈ నాలుగు అంకెలు చాలు. కానీ 0.2588 అనేది sin 15° కాదు, దానికి బాగా దగ్గరగా ఉన్న ఒక సంఖ్య. అసలు విలువ కరణీయ సంఖ్య, దశాంశాల్లో ఎంత దూరం రాసినా పూర్తికాదు. అయినా వర్గమూలాల గుర్తులతో దాన్ని ఒక్క పంక్తిలో, ఏమీ మిగలకుండా రాయవచ్చు.

ఆర్యభటుడు క్రీ.శ. 499 నాటి తన గ్రంథంలో ఇచ్చిన జ్యాపట్టికకూ ఇదే పరిమితి ఉంది. వృత్త వ్యాసార్ధం 3438 అనుకుని, 3 డిగ్రీల 45 నిమిషాలకు ఒకటి చొప్పున ఇరవై నాలుగు జ్యలు వచ్చేలా, వాటి మధ్య తేడాలను ఆయన ఇచ్చాడు. మొదటి నాలుగు తేడాలు 225, 224, 222, 219. కలిపితే 890. అదే 15 డిగ్రీల జ్య. ఇరవయ్యో జ్య, అంటే 75 డిగ్రీలది, 3321. రెండింటినీ 3438తో భాగించి చూస్తే మన పట్టికకు ఎంత దగ్గరగా ఉన్నాయో తెలుస్తుంది. 15, 75 పూరక కోణాలు కాబట్టి వాటి జ్యల వర్గాల మొత్తం వ్యాసార్ధం వర్గానికి సమానం కావాలి. 890, 3321 వర్గాలు కలిపితే 1,18,21,141. 3438 వర్గం 1,18,19,844. కోటికి పైబడిన సంఖ్యల్లో తేడా పదమూడు వందల లోపే. పదిహేను వందల ఏళ్ల కిందటి పట్టికకు ఇది గొప్ప సూక్ష్మతే, కానీ పూర్ణ సంఖ్యలతో ఆ తేడాను సున్నా చేయడం కుదరదు.

ఇక బొమ్మకు వద్దాం. దీన్ని మీరు ఇంటికి వెళ్లి గీసుకోవాలని నా కోరిక. ప్రతి జామెట్రీ బాక్సులోనూ రెండు మూలమట్టాలు ఉంటాయి. ఒకదానిలో కోణాలు 45, 45, 90. ఇంకొకదానిలో 30, 60, 90. ఈ రెండు త్రిభుజాల భుజాలు పైథాగరస్ సిద్ధాంతంతో తెలిసిపోతాయి కాబట్టి 30, 45, 60 డిగ్రీల సైన్, కొసైన్ విలువలు మనకు ఉచితంగా వచ్చినట్టే. 15, 75 ఏ మూలమట్టంలోనూ లేవు. అయితే 45, 30 కలిస్తే 75, 45లోంచి 30 తీస్తే 15. కోణాలు కలిపినప్పుడు సైన్‌లు ఏమవుతాయన్నదే ప్రశ్న.

తెల్లకాగితం మీద అడ్డంగా ఒక గీత గీయండి. దాని మీద నిలువుగా 10 సెంటీమీటర్ల లంబం నిలబెట్టండి. లంబం కొనను శీర్షం అందాం. శీర్షం దగ్గర లంబానికి ఎడమవైపు 45 డిగ్రీల కోణం చేస్తూ కింది గీతదాకా ఒక గీత దించండి. కుడివైపు 30 డిగ్రీలతో మరొకటి దించండి. ఇప్పుడు ఒక పెద్ద త్రిభుజం వచ్చింది. దాని శీర్షకోణం 75 డిగ్రీలు, లోపల లంబం దాన్ని రెండు లంబకోణ త్రిభుజాలుగా చీలుస్తోంది. స్కేలుతో కొలిస్తే ఎడమవైపు భూమి 10, కుడివైపు భూమి దాదాపు 5.77, ఏటవాలు భుజాలు 14.14, 11.55 సెంటీమీటర్లు వస్తాయి.

ఈ త్రిభుజం వైశాల్యాన్ని రెండు రకాలుగా లెక్కకట్టవచ్చు. ఒకటి, భూమి, ఎత్తుల లబ్ధంలో సగం. రెండోది, రెండు భుజాలు, వాటి మధ్య కోణం సైన్, ఈ మూడింటి లబ్ధంలో సగం. రెండూ ఒకే వైశాల్యం కాబట్టి సమానం. సెంటీమీటర్లు పక్కన పెట్టి లంబం పొడవును 1 అనుకుందాం. అప్పుడు భూమి 1 + 1/√3. ఏటవాలు భుజాలు √2, 2/√3. రెండువైపులా సగాలు కొట్టేస్తే:

1 + 1/√3 = √2 × (2/√3) × sin 75°

రెండువైపులా √3తో గుణించి సర్దితే

sin 75° = (√3 + 1) / 2√2

ఇక 30 డిగ్రీల గీతను కుడివైపు కాకుండా ఎడమవైపే, 45 డిగ్రీల త్రిభుజం లోపలే దించండి. రెండు ఏటవాలు గీతల మధ్య సన్నటి త్రిభుజం మిగులుతుంది. దాని శీర్షకోణం 15 డిగ్రీలు. ఏటవాలు భుజాలు మారలేదు, అవే √2, 2/√3. ఎత్తు కూడా అదే. భూమి మాత్రం ఇప్పుడు రెండు ముక్కల మొత్తం కాదు, తేడా: 1 − 1/√3. కాబట్టి

sin 15° = (√3 − 1) / 2√2

రెండు జవాబుల మధ్య ఒక్క గుర్తే ఎందుకు మారిందో ఇప్పుడు కంటికి కనిపిస్తోంది. మొదటి బొమ్మలో చిన్న త్రిభుజాన్ని పక్కన చేర్చాం, రెండో బొమ్మలో లోపలినుంచి తీసేశాం, అంతే. 45, 30ల బదులు A, B అని రాసుకుని ఇదే పని చేస్తే పాఠ్యపుస్తకంలో సంయుక్త కోణాల అధ్యాయంలో ఉండే సూత్రాలు వస్తాయి:

sin(A + B) = sin A cos B + cos A sin B
sin(A − B) = sin A cos B − cos A sin B

ఇందులోని ప్రతి పదమూ ఒక ముక్క వైశాల్యం. sin A cos B ఎడమ ముక్కది, cos A sin B కుడి ముక్కది. పన్నెండో శతాబ్దంలో, 1150లో పూర్తయిన సిద్ధాంత శిరోమణిలో భాగమైన జ్యోత్పత్తిలో భాస్కరాచార్యుడు ఈ రెండు సూత్రాలనూ ఇచ్చాడు. జ్యలను తయారుచేసుకోవడం ఎలాగన్నదే ఆ ప్రకరణం విషయం.

పరీక్షలో రాసే పద్ధతి ఇలా ఉంటుంది:

sin 15° = sin(45° − 30°) = (1/√2)(√3/2) − (1/√2)(1/2) = (√3 − 1)/2√2

హారంలో కరణి వద్దనుకుంటే పైనా కిందా √2తో గుణించి (√6 − √2)/4 అని రాస్తారు. అలాగే sin 75° అంటే (√6 + √2)/4. √6 దాదాపు 2.4495, √2 దాదాపు 1.4142. తేడాను నాలుగుతో భాగిస్తే 0.2588, మొత్తాన్ని భాగిస్తే 0.9659. అబిడ్స్ పట్టిక పుస్తకం సాక్ష్యం చెబుతుంది.

పేపర్లు దిద్దినవాళ్లకు ఇక్కడ జరిగే తప్పులు కొత్త కాదు. అన్నిటికన్నా మొండిది, sin(45° − 30°)ని sin 45° − sin 30° అని విడగొట్టడం. అలా చేస్తే 0.2071 వస్తుంది. అది సుమారు 12 డిగ్రీల సైన్. చూడ్డానికి నమ్మదగినట్టే ఉంటుంది కాబట్టి పిల్లవాడికి అనుమానం రాదు. అదే తప్పును 75 దగ్గర చేయించండి. 0.7071కి 0.5 కలిపి 1.2071 అంటాడు. ఏ కోణం సైన్ అయినా 1 దాటదు కదా అని గుర్తుచేస్తే చాలు, తనే ఆగిపోతాడు. అందుకే ఈ పాఠం 15తో కాకుండా 75తో మొదలుపెట్టాలని నా గట్టి అభిప్రాయం.

రెండో తప్పు గుర్తుది. కొసైన్ సూత్రంలో గుర్తు తిరగబడుతుంది, cos(A − B)లో మధ్యన కూడిక వస్తుంది. ఆ రెండూ కలగాపులగమై 15కు కూడికతో జవాబు రాసేవాళ్లున్నారు. sin 30° అరే కదా, పదిహేను డిగ్రీలకు అంతకన్నా తక్కువే రావాలి. ఇంకా గట్టి పరీక్ష కావాలంటే రెండు జవాబులనూ గుణించండి. (√6 − √2)(√6 + √2) అంటే 6 − 2, అంటే 4. దాన్ని 16తో భాగిస్తే సరిగ్గా 1/4. sin 75° అంటే cos 15° కాబట్టి ఆ లబ్ధం sin 30°లో సగం కావాలి, అయింది. దశాంశాలతో పనిలేదు, అర నిమిషం పని.

మూడోది తప్పు కాదు, తప్పని భయపడేది. ఒక విద్యార్థి 30ని సగం చేసే దారిలో వెళ్లి sin 15° = √(2 − √3)/2 అని తెస్తాడు. పుస్తకం వెనకున్న జవాబుతో కలవలేదని కొట్టేస్తాడు. మాస్టారు అలాంటి కొట్టివేతల పక్కన 'వర్గం చెయ్యి' అని రాసేవారు. √6 − √2ను వర్గం చేస్తే 8 − 4√3, దాన్ని 16తో భాగిస్తే (2 − √3)/4. రెండో రూపం వర్గమూ అదే. రెండూ ధన సంఖ్యలు కాబట్టి రెండూ ఒకటే. ధన సంఖ్యలన్న మాట వదిలేస్తే వాదన పూర్తికాదు, వర్గం చేసినప్పుడు రుణ గుర్తు మాయమవుతుంది గనక.

ఇంతదూరం వచ్చాక తెలివైన పిల్లలు తప్పకుండా ఒక ప్రశ్న వేస్తారు. ఇలా కలుపుతూ, తీసేస్తూ పోతే అన్ని డిగ్రీలూ వస్తాయా? పంచభుజి నుంచి 18 డిగ్రీల సైన్ (√5 − 1)/4 అని తెలుస్తుంది. దీన్ని కూడా భాస్కరుడు జ్యోత్పత్తిలో ఇచ్చాడు. 18లోంచి మన 15 తీస్తే 3 డిగ్రీలు. కాబట్టి మూడు డిగ్రీల గుణిజాలన్నీ, 3, 6, 9, 12, వర్గమూలాలతో కచ్చితంగా రాయవచ్చు. అక్కడ దారి ఆగిపోతుంది. వర్గమూలాలు మాత్రమే వాడి 1 డిగ్రీ సైన్ రాయగలిగామే అనుకుందాం, కూడిక సూత్రాన్ని మళ్లీ మళ్లీ వాడి 20 డిగ్రీలదీ రాయగలిగేవాళ్లం. కానీ 20 అంటే 60లో మూడో వంతు. స్కేలు, వృత్తలేఖినితో ఆ కోణాన్ని మూడు సమభాగాలు చేయడం అసాధ్యమని ఫ్రెంచి గణితవేత్త వాంజెల్ 1837లో నిరూపించాడు. దాని అర్థం 20 డిగ్రీల విలువకు వర్గమూలాలు చాలవని. అందుచేత 1 డిగ్రీకీ చాలవు.

భాస్కరుడికి ఆ నిరూపణ అందుబాటులో లేదు, కానీ డిగ్రీ డిగ్రీకీ పట్టిక కావాలి. అందుకని sin 1° స్థానంలో 10/573, cos 1° స్థానంలో 6568/6569 వాడి, మనం ఇందాక బొమ్మలో చూసిన కూడిక సూత్రంతోనే ఒక్కొక్క డిగ్రీ ముందుకు జరిగాడు. 10/573 అంటే 0.017452. నేటి పట్టికలోనూ ఆరు స్థానాల దాకా sin 1° అదే.