మీ గేమర్ ట్యాగ్ పక్క భాషలో బూతు కాదు కదా?

ఈ రోజు ఎపిసోడ్ నా పరువు పోయిన కథతో మొదలుపెడతాను. నవ్వుకోండి, పర్లేదు.

2018. పబ్జీ మొబైల్ అప్పుడే కొత్తగా వచ్చింది. నేను బీటెక్‌లో ఉన్నాను. మా హాస్టల్ మెస్ దగ్గర ఒక పెద్ద మగపిల్లి తిరిగేది. ఎవరికీ భయపడదు, ప్లేట్‌లోంచే చేప లాక్కెళ్లిపోతుంది. మేం దాన్ని గండుపిల్లి అనేవాళ్లం. నాకు ఆ యాటిట్యూడ్ తెగ నచ్చి, నా ట్యాగ్ GanduPilli అని పెట్టేసుకున్నాను.

తెలుగు ఫ్రెండ్స్‌తో ఆడినన్నాళ్లూ ఏ ప్రాబ్లమ్ లేదు. ఒకసారి చిన్న ఆన్‌లైన్ టోర్నమెంట్‌కి నలుగురం పేర్లు ఇచ్చాం. రెండు వారాలు నిద్ర మానేసి ప్రాక్టీస్ చేశాం. మ్యాచ్‌కి పది నిమిషాల ముందు మా స్క్వాడ్ మొత్తాన్ని లిస్ట్‌లోంచి తీసేశారు. కారణం: అసభ్యమైన పేరు. అసభ్యం ఏంట్రా, పిల్లి కదా అని నేను జుట్టు పీక్కుంటున్నాను. పక్క రూమ్‌లో ఉండే రాంచీ అబ్బాయి నా స్క్రీన్ చూసి, "భాయ్, యే నామ్ తూనే ఖుద్ రఖా?" అన్నాడు. అంటే, ఈ పేరు నువ్వే పెట్టుకున్నావా అని. అప్పుడు తెలిసింది. హిందీలో గాండూ అనేది పచ్చి బూతు తిట్టు. దాని అర్థం విప్పి చెప్పను, తెలిసినవాళ్లకి తెలుసు. నా పిల్లి సరదా వల్ల మిగతా ముగ్గురి రెండు వారాల కష్టం పోయింది. వాళ్లు ఇప్పటికీ నన్ను పిల్లీ అనే పిలుస్తారు.

సరే, పాయింట్‌కి వద్దాం. తప్పు ఎక్కడ జరిగింది? తెలుగు లిపిలో రాస్తే గండు వేరు, గాండూ వేరు. మనకి గ ఉంది, గా ఉంది. డు ఉంది, డూ ఉంది. ఇంగ్లీష్ అక్షరాల్లో టైప్ చేసేసరికి రెండూ gandu అయిపోతాయి. చాటింగ్‌లో దీర్ఘం కోసం రెండు a లు ఎవరు కొడతారు చెప్పండి? అలాగే ద, డ రెండిటికీ d ఒకటే. త, ట రెండిటికీ t ఒకటే. అంటే నేను పెట్టుకున్నది తెలుగు పేరు కాదు, పది ఇంగ్లీష్ అక్షరాలు. వాటిని ఎవడు చూస్తే వాడి భాషలో చదువుకుంటాడు. అందుకే చెక్ చేయాల్సింది మీ మనసులో ఉన్న పదాన్ని కాదు, స్క్రీన్ మీద ఉన్న అక్షరాల్ని. ఈ రోజు మొత్తానికి గుర్తుపెట్టుకోవాల్సిన మాట ఇదొక్కటే.

తెలుగు లిపిలోనే పెట్టేస్తే పోలా అంటారేమో. కొన్ని గేమ్స్ ఒప్పుకుంటాయి కూడా. కానీ తెలుగు రానివాడు దాన్ని చదవలేడు, టైప్ చేసి మిమ్మల్ని వెతకలేడు. స్క్వాడ్‌లోకి పిలవాలన్నా కష్టమే.

మొన్న మా పిన్ని కొడుకు, ఇంటర్ చదువుతున్నాడు, నాకు మూడు ట్యాగ్‌లు పంపాడు. "అన్నా, వీటిలో ఏది పెట్టుకోను?" అని. RandiBabu, PuttaPaamu, Tokachukka. మొదటిది చూడగానే నాకు గుండె ఆగినంత పనైంది. నా పాత కథ కళ్ల ముందు తిరిగింది. ఈ మూడింటినీ కలిసి ఎలా చెక్ చేశామో అదే మీకు చెప్తాను.

ఫస్ట్ స్టెప్. పెద్ద అక్షరాలు తీసేయండి. మధ్యలో గీతలు, చుక్కలు ఉంటే అవీ తీసేయండి. randibabu, puttapaamu, tokachukka. మీకు R, B పెద్దవిగా ఉంటే రెండు పదాలని తెలుస్తుంది. ఫిల్టర్‌కి, స్పీడ్‌గా చదివేవాడికి అదంతా ఒకటే తీగ. ఇప్పుడు ఆ తీగని ఎక్కడపడితే అక్కడ కోసి చూడండి. పక్కపక్కనే రెండుసార్లు వచ్చిన అక్షరాన్ని ఒకటి చేసి కూడా చూడండి. putta అప్పుడు puta అవుతుంది. ఇది గుర్తుంచుకోండి, మళ్లీ వస్తాను.

ఈ కోసి చూడటం ఎందుకంటే ఫిల్టర్లు చాలాసార్లు చేసే పని అదే. ఇంగ్లండ్‌లో స్కన్‌తోర్ప్ అని ఒక ఊరు ఉంది. స్పెల్లింగ్ Scunthorpe. దాని మధ్యలో నాలుగు అక్షరాల ఇంగ్లీష్ బూతు ఒకటి దాక్కుని ఉంది. 1996లో ఏఓఎల్ ఫిల్టర్ ఆ ఊరివాళ్లని అకౌంట్ తెరవనివ్వలేదు. ఫిల్టర్‌కి అది ఊరి పేరని తెలియదు, నా GanduPilli పిల్లి అనీ తెలియదు. దీనికి రివర్స్ కూడా నిజమే. ఫిల్టర్ ఒప్పుకుంది కదా అని పేరు మంచిదని కాదు. ఆ భాష బూతులు దానికి ఎవరూ ఎక్కించి ఉండకపోవచ్చు. నా ట్యాగ్‌ని గేమ్ ఒప్పుకుంది, మనుషులు ఒప్పుకోలేదు.

సెకండ్ స్టెప్. ప్రపంచంలో వేల భాషలున్నాయి, అన్నిట్లో చూడలేం. మీ లాబీలో ఎవరుంటారో చూడండి. ఇండియా సర్వర్ అయితే ముందు హిందీ, తర్వాత తమిళం, కన్నడ, మలయాళం, బెంగాలీ. ఆసియా సర్వర్ అయితే ఇండొనేషియన్, మలయ్, అరబిక్ కలపండి. యూరప్, అమెరికా వాళ్లతో ఆడితే స్పానిష్, పోర్చుగీస్, టర్కిష్, రష్యన్. మీ లిస్ట్‌లో ఆరేడు భాషలుంటే చాలు.

థర్డ్ స్టెప్, వెతకడం. ఇంగ్లీష్ విక్షనరీ అని ఫ్రీ డిక్షనరీ ఉంది, ఫోన్‌లోనే తెరుచుకుంటుంది. దాని స్పెషల్ ఏంటంటే, ఒక స్పెల్లింగ్ కొడితే ఆ స్పెల్లింగ్ ఏయే భాషల్లో ఉందో అన్నీ ఒకే పేజీలో చూపిస్తుంది. puta కొట్టాం. స్పానిష్, పోర్చుగీస్ రెండిట్లోనూ వేశ్య అనే అర్థంలో వాడే తిట్టు. మా తమ్ముడికి పుట్టలో పాము, బ్రెజిల్ వాడికి బూతు. babu కొట్టాం. ఇండొనేషియన్‌లో పనిమనిషి అని, అదీ చిన్నచూపుతో అనే మాట. మనం ప్రేమగా పిలిచే బాబు, అక్కడ అలా అయింది.

కానీ ఇక్కడొక గొయ్యి ఉంది, చాలామంది పడేది ఇందులోనే. హిందీ, అరబిక్, రష్యన్ పదాలు ఆ డిక్షనరీలో వాటి సొంత లిపిలో ఉంటాయి. మీరు ఇంగ్లీష్ అక్షరాల్లో కొడితే ఆ పేజీలో కనపడకపోవచ్చు. randi అంటే పాశ్చాత్య దేశాల్లో ఆడపిల్లల పేరు కదా అని, భలే క్యూట్‌గా ఉందే అనుకుని బయటికొచ్చేస్తారు. హిందీలో మాత్రం అది ఆడవాళ్లని అనే చాలా నీచమైన తిట్టు. "రండి బాబూ రండి" అని కూరగాయల బండి అతను ఎంత మర్యాదగా పిలుస్తాడు! అదే మాట ఢిల్లీ అమ్మాయి ఉన్న స్క్వాడ్‌లో పేరుగా కనిపిస్తే, ఆమె వెంటనే లీవ్ కొట్టి రిపోర్ట్ చేస్తుంది. ఆమె తప్పేం లేదు కూడా. మీ మనసులో బండి అతను ఉన్నాడని ఆమెకెలా తెలుస్తుంది?

అందుకే ఫోర్త్ స్టెప్, మనిషిని అడగడం. దీనికీ ఒక పద్ధతి ఉంది. "ఈ పేరు బాగుందా?" అని అడగొద్దు, మొహమాటానికి బాగుందనేస్తారు. తెలుగు అర్థం ముందే చెప్పొద్దు, చెప్తే వాళ్ల చెవి మీ వైపు తిరిగిపోతుంది. చిన్న అక్షరాల్లో టైప్ చేసి పంపండి. "దీన్ని పైకి చదువు, ఫస్ట్ ఏం గుర్తొచ్చింది?" అని వాయిస్ మెసేజ్ అడగండి. అవతలివాళ్లు ఒక్క సెకను ఆగినా, నవ్వినా, ఆ పేరు పక్కన పెట్టేయండి.

ట్యాగ్ చివర పెట్టే నంబర్లకీ అర్థాలుంటాయి. ఎగ్జాంపుల్‌కి 88. చైనా వాళ్లకి అది లక్కీ, చాట్‌లో బై బై అని కూడా వాడతారు. జర్మనీలో మాత్రం అది నాజీల గుర్తు. ఇంగ్లీష్ అక్షరాల్లో ఎనిమిదోది H కాబట్టి, 88 అంటే హిట్లర్‌కి జై కొట్టడానికి కోడ్. మీ బండి నంబర్ 88 అయినా సరే, ట్యాగ్‌లో వద్దు.

ఇంకో మాట. వేరే అర్థం ఉన్న ప్రతి పేరూ చెడ్డది కాదు. kukka అంటే ఫిన్నిష్‌లో పువ్వు. pilli అంటే టర్కిష్‌లో బ్యాటరీతో నడిచేది. ఇవి నవ్వుకుని వదిలేసేవి. నేను ఒక్కటే చూస్తాను: ఆ అర్థం ఎవరినైనా తిడుతోందా? తిడుతుంటే నో. లేకపోతే మీ ఇష్టం. మిత్సుబిషి పజెరో కారు తెలుసు కదా. స్పానిష్‌లో ఆ మాట బూతు. అందుకని స్పానిష్ మాట్లాడే దేశాల్లో అదే కారుని మొంటెరో అని అమ్మారు. అంత పెద్ద కంపెనీయే పేరు మార్చుకుంది, మనం మార్చుకోవడానికి నామోషీ ఏముంది?

చివరికి tokachukka మిగిలింది. toka అంటే స్వాహిలీలో "బయటికి పో". ఫిన్నిష్ వాడుక భాషలో రెండోది అని. chukka అంటే ఇంగ్లీష్‌లో పోలో ఆటలో ఒక రౌండ్. తిట్టు ఎక్కడా తగల్లేదు. హిందీ, తమిళం, బెంగాలీ మాట్లాడే ముగ్గురు చదివారు, ముగ్గురూ "ఏదో జపనీస్‌లా ఉంది" అన్నారు. మావాడు ఫుల్ ఖుషీ.

ఇంత చేసినా ఏదో ఒక మూల ఏదో ఒక భాషలో అది తేడాగా ఉండొచ్చు. ఎవరైనా చెప్తే వాదించకండి, "మా భాషలో మంచి అర్థం" అని లెక్చర్ ఇవ్వకండి. సారీ చెప్పి మార్చేయండి. స్టీమ్‌లో పైకి కనిపించే పేరు ఎప్పుడైనా ఫ్రీగా మార్చుకోవచ్చు, లాగిన్ అయ్యే అకౌంట్ పేరు మాత్రం మారదు. బీజీఎంఐలో అయితే రీనేమ్ కార్డ్ కావాలి. అందుకే మొదటిసారి పెట్టేటప్పుడే ఒక గంట కూర్చోండి. నేను ఆ గంట కూర్చోలేదు, నా ముగ్గురు ఫ్రెండ్స్ మ్యాచ్ పోగొట్టుకున్నారు.

మీ ట్యాగ్ ఏంటో, చెక్ చేస్తే ఏ భాషలో ఏం దొరికిందో రాయండి. తిట్టు దొరికితే మాత్రం పూర్తిగా టైప్ చేయకండి బాబూ. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం, బై.